“అక్క ఎలా ఉంది?” అని అడిగితే ఏం రాయాలి

ప్రశ్న: కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలికి పుట్టుకనుంచీ చూపు లేదు. ఫోన్లో తెరమీద ఉన్నదాన్ని పైకి చదివే టాక్‌బ్యాక్ వాడుతుంది. మొన్న అక్క పెళ్లి ఫోటోలు వాట్సాప్‌లో పంపి, కింద “అక్క, బావ, తలంబ్రాలు, చాలా బాగుంది కదా” అని రాశాను. “బాగుందని నువ్వే అనేశావు, మరి అక్క ఎలా ఉంది?” అని అడిగింది. రాద్దామని కూర్చుంటే చేయి ఆడలేదు. ఎంత రాయాలి? రంగులు చెబితే తనకేం తెలుస్తుంది? మనిషి ఒంటిరంగు, లావూ సన్నం చెప్పడం తప్పు కాదా? బావ అక్కకంటే కాస్త నలుపు. అది రాయనా, వద్దా?

సమాధానం: మీ ఫోటో మేం చూడలేదు. అందుకే మధుపర్కాల్లో తలంబ్రాలు పోసుకునే ఫోటోల్లో మామూలుగా కనిపించేవి తీసుకుని ఒక వర్ణన కట్టి చూపిస్తాం. మీ ఫోటోలో ఉన్నదాన్ని బట్టి మార్చుకోండి.

శ్రద్ధగా రాయాలనుకునే చాలామంది మొదటిసారి ఇలా రాస్తారు:

“ఈ ఫోటోలో ఒక అందమైన స్త్రీ తెల్లని చీర కట్టుకుని, ఒక పురుషుడి పక్కన కూర్చుని చిరునవ్వులు చిందిస్తోంది. వెనకాల పూల అలంకరణ ఉంది.”

ఇందులో అబద్ధం లేదు, కానీ మీ స్నేహితురాలి చేతికి ఏమీ అందదు. “ఈ ఫోటోలో” అన్న మాట అక్కర్లేదు, ఎందుకంటే అది ఫోటో అని టాక్‌బ్యాకే చెబుతుంది. “ఒక స్త్రీ” ఎవరో కాదు, మీ అక్క. ఆవిడ గొంతు మీ స్నేహితురాలికి తెలిసే ఉంటుంది. తెలిసిన మనిషిని పరాయిమనిషిని చేసి చెప్పడం వర్ణనల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. “తెల్లని చీర” దగ్గర అర్థమే మారిపోతుంది. ఎర్రంచు సంగతి చెప్పకపోతే మధుపర్కం కాస్తా ఉత్త తెల్లచీర అయిపోతుంది, పెళ్లికూతురి ఒంటిమీద ఉత్త తెల్లచీర అంటే మన ఇళ్లలో వినేవాళ్లు ఉలిక్కిపడతారు. “చిరునవ్వులు చిందిస్తోంది” అన్నది ఎవరి నవ్వుకైనా అతికే మాట. ఇక చివర్లో పూల అలంకరణకు అక్క ముఖానికంటే ఎక్కువ చోటు దొరికింది.

ముందు వరస సంగతి చూద్దాం. చూపున్నవాళ్లు ఫోటోను ఎక్కడ కావాలంటే అక్కడినుంచి చూస్తారు. వినేవాళ్లకి మీరు పెట్టిన వరసే దారి. టాక్‌బ్యాక్ ఆ మాటలన్నీ ఒక్క బిగిన చదువుతుంది. మధ్యలో ఫోన్ మోగినా, వేలు పక్కకు జరిగినా చదవడం ఆగిపోతుంది. మళ్లీ దానిమీదికి వస్తే మొదటినుంచి మొదలెడుతుంది. ఒక్కో పదం, ఒక్కో అక్షరం వెనక్కి వెళ్లి వినే వీలుంది, కానీ అది పనిగట్టుకుని చేయాల్సిన పని. అందుకే మొదటి వాక్యం ఒక్కటే విన్నా ఫోటో ఏమిటో తెలిసిపోవాలి. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు అన్న మూడూ అందులో ఉండాలి. ఆ తర్వాత ముఖం, చేతులు ఏం చేస్తున్నాయో చెప్పండి. దాని తర్వాత బట్టలు, మనిషి రూపురేఖలు. వెనకాల ఉన్నవి ఆఖర్న, అవి కూడా చెప్పుకోదగ్గవి అయితేనే.

ముఖాన్ని చెప్పేటప్పుడు పేరు పెట్టడం కంటే అది ఏం చేస్తోందో చెప్పడం మేలు. “సంతోషంగా ఉంది” అంటే అది మీరు చేసిన నిర్ణయం. “పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది, కళ్లు సగం మూసుకుపోయాయి” అంటే నిర్ణయం వినేవాళ్లకి వదిలినట్టు. పెదాలు మూసి నవ్వడం వేరు, నోరు తెరిచి పగలబడి నవ్వడం వేరు, కెమెరావాడు నవ్వమంటే నవ్వడం వేరు. మన పెళ్లి ఫోటోల్లో ఈ మూడో రకం బోలెడు ఉంటాయి. అక్క ఎటు చూస్తోందో కూడా రాయండి. బావ వైపా, దోసిట్లో బియ్యం వైపా, కెమెరా వైపా అన్న ఒక్క మాటతో ఫోటో తీరే మారిపోతుంది. “అందంగా ఉంది” అనకూడదని కాదు. ఆవిడ మీ అక్క, మీకు అలా అనిపించడం నిజం, మీ మాటగా చెప్పుకోవచ్చు. కాకపోతే కనిపించేది ముందు చెప్పి, మీకు అనిపించింది దాని వెనక చెప్పండి. తిరగేసి చెబితే మీ స్నేహితురాలు మీకిచ్చిన జవాబే మళ్లీ వస్తుంది.

ఇంకో చిక్కు పోలికలతో వస్తుంది. ఫలానా హీరోయిన్‌లా ఉంది అని రాస్తే, ఆ హీరోయిన్‌ని ఎప్పుడూ చూడనివాళ్లకి ఒక ఖాళీని ఇంకో ఖాళీతో పోల్చినట్టు అవుతుంది. సినిమాల్లో చూపించినట్టు చూపులేనివాళ్లు ఎదుటివాళ్ల ముఖం తడిమి పోల్చుకుంటారనుకోవడం కూడా పొరపాటు. మామూలు జీవితంలో దాదాపు ఎవరూ అలా చేయరు. కాబట్టి “అమ్మ ముక్కే వచ్చింది” అన్న పోలిక కూడా మీ ఇంట్లోవాళ్లకే పనికొస్తుంది. “కోలముఖం, సన్నటి ముక్కు, గడ్డం మీద చిన్న పుట్టుమచ్చ” అనండి, నేరుగా తెలుస్తుంది.

పొడుగూ పొట్టీ, వెడల్పూ ఇరుకూ చెప్పడానికి తెలుగులో చక్కటి కొలతలున్నాయి, అవన్నీ చేతి కొలతలే. బెత్తెడు, జానెడు, మూరెడు, వేలి మందం, అరచేయంత, చిటికెన వేలి గోరంత. ఇవి చూసి తెలుసుకునేవి కావు, ఎవరి ఒంటిమీద వాళ్లకి తెలిసినవి. “పెద్ద అంచు” అంటే ఎంత పెద్దదో తెలియదు. “జానెడు అంచు” అనగానే మీ స్నేహితురాలు చెయ్యి చాపి చూసుకోగలదు. మనుషుల ఎత్తు కూడా అంతే. “అయిదడుగుల నాలుగంగుళాలు” కంటే “బావ భుజం దాకా వస్తుంది” అన్నది తొందరగా బుర్రకెక్కుతుంది. మీ స్నేహితురాలు ఎప్పుడైనా అక్క చెయ్యి పట్టుకుని నడిచి ఉంటే అక్క ఎత్తు తనకి తెలుసు. అప్పుడు బావ ఎత్తు కూడా ఆ ఒక్క వాక్యంతోనే తెలిసిపోతుంది.

నగల విషయంలో చెయ్యి ఆపుకోవాలి. పాపిటబిళ్ల, జూకాలు, కాసులపేరు, వంకీలు, వడ్డాణం, ముక్కుపుడక, గాజులు అన్నీ వరసగా రాస్తే అది లాకర్ రసీదులా ఉంటుంది, వినేటప్పుడు ఒక్కటీ మనసులో నిలవదు. ఆ పందిట్లోకి అప్పుడే వచ్చినవాళ్ల కళ్లు ముందు దేనిమీద ఆగుతాయో ఆ రెండు మూడింటినే తీసుకోండి. తీసుకున్నదాన్ని మాత్రం కాస్త దగ్గరగా చూపించండి. పూలజడ ఉందనుకోండి. “పూలజడ వేసుకుంది” అని ఊరుకోకుండా “మల్లెమొగ్గలు దగ్గరదగ్గరగా కుట్టిన పూలజడ, మధ్యమధ్య గోరంత కనకాంబరాలు. ఎడమ భుజం మీదుగా ముందుకు వేసుకుంది, కొస ఒళ్లో పడి ఉంది, చివర మూడు జడగంటలు” అనండి. మొగ్గల వరసలు, జడగంటల బరువు, చప్పుడు తాకి విని తెలిసినవే కాబట్టి ఆ జడ మీ స్నేహితురాలికి చేత్తో పట్టుకున్నట్టు ఉంటుంది.

చీర సంగతిలో నేతపేరు తెలిస్తే తప్పకుండా చెప్పండి, అందులో సగం వర్ణన ఇమిడి ఉంటుంది. రిసెప్షన్ ఫోటో పంపితే “గద్వాల చీర” అన్న మాట వినగానే నూలు ఒళ్లు, పట్టు అంచు అని తెలిసినవాళ్ల వేళ్లకి తెలిసిపోతుంది. పోచంపల్లి అంటే అంచులు కాస్త చెదిరినట్టుండే ఇక్కత్ గళ్లు. నేతపేరు తెలియకపోతే ఊహించి రాయకండి. “పట్టుచీర, బరువైన జరీ” అంటే చాలు. తప్పు పేరు పెడితే దాన్ని చూసి సరిదిద్దుకునే వీలు వినేవాళ్లకి లేదు. అదే పేరు నలుగురికీ చెప్పి నగుబాటు పడేది మీరు కాదు, వాళ్లు. తలంబ్రాల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఈమధ్య బియ్యంతో పాటు థర్మాకోల్ పూసలు, ముత్యాలు కూడా పోసుకుంటున్నారు. ఫోటోలో ఏవి ఉంటే అవే రాయండి.

రంగులు మానేయకండి. చూపులేనివాళ్లందరూ ఒక్కలా ఉండరు. కొందరికి వెలుగునీడలు తెలుస్తాయి, కొందరికి ముదురు రంగులు తెలుస్తాయి, నడి వయసులో చూపు పోయినవాళ్లకి ప్రతి రంగూ గుర్తే. పుట్టుకనుంచీ చూపు లేకపోయినా రంగులకి మనుషులిచ్చిన అర్థాలు తెలియకుండా పోవు. మధుపర్కానికి ఎర్రంచు ఉంటుందని, పెళ్లికి నలుపు కట్టరని, ఏ చీర మీదికి ఏ జాకెట్ నప్పుతుందని విని తెలుసుకుని, రోజూ ఆ లెక్కతోనే బట్టలు ఎంచుకుంటారు. కాబట్టి మీకు తెలిసిన పేర్లే రాయండి: వంగపండు రంగు, చిలకాకుపచ్చ, నెమలికంఠం, గంధం రంగు, మిరపపండు ఎరుపు. ఎరుపుని వేడిగా, నీలాన్ని చల్లగా ఉంటుందంటూ విడమరచి చెప్పే ప్రయత్నం వద్దు. అడగకుండా చేస్తే చిన్నపిల్లలకి చెప్పినట్టు ఉంటుంది. తను అడిగితే అప్పుడు చెప్పండి.

ఇక మీరు తటపటాయించిన చోటికి వద్దాం.

బావ రంగు రాయండి. అక్క రంగు కూడా రాయండి. ఇద్దరిలో ఒకరిది రాసి ఒకరిది వదిలేయడమే తప్పు. చాలా వర్ణనల్లో మనిషి నల్లగా ఉంటేనే రంగు ప్రస్తావన వస్తుంది, తెల్లగా ఉంటే రాదు. అలా రాస్తూ పోతే తెలుపు మామూలు రంగు, నలుపు చెప్పుకోవాల్సిన విశేషం అన్నట్టు అవుతుంది. ఫోటోలో ఒకరి ఒంటిరంగు చెబితే ముఖ్యులందరిదీ చెప్పాలి, లేదా ఎవరిదీ చెప్పకూడదు. మీ స్నేహితురాలు “ఎలా ఉంది” అని అడిగింది కాబట్టి చెప్పడమే సరి. చూపున్నవాళ్లందరికీ తెలిసిన సంగతిని తనొక్కదాని దగ్గరే దాచడం మర్యాద కాదు.

చిక్కల్లా మాటల్లో ఉంది. చామనఛాయ, నలుపు, తెలుపు, గోధుమరంగు అన్నవి కనిపించేదాన్ని చెబుతాయి. “రంగు తక్కువ” అన్నది తూకం వేస్తుంది. “నలుపైనా కళగా ఉంటాడు” అనేది ఇంకా చెడ్డది. ఆ “అయినా” అన్న చిన్న ముక్కలో అవమానమంతా దాగి ఉంది. “లావైనా చలాకీగా ఉంటుంది”, “పొట్టిదే కానీ లక్షణంగా ఉంటుంది” అన్నవీ ఆ కోవలోవే. రాసిన తర్వాత “అయినా”, “కానీ”, “పాపం” అన్న మాటలు ఎక్కడున్నాయో వెతికి తీసేయండి. “బావ నలుపు, గుండ్రటి ముఖం, పల్చటి గడ్డం” అన్నప్పుడు నలుపు కూడా గడ్డంలాంటి ఇంకో గుర్తు, అంతకుమించి ఏమీ లేదు. ఇంకోటి, పెళ్లి మేకప్‌కీ ఫోటోగ్రాఫర్ దిద్దుబాటుకీ మనిషి రంగు రెండు మెట్లు మారిపోతుంది. అక్క మామూలుగా చామనఛాయ అయ్యుండి ఫోటోలో తెల్లగా కనిపిస్తుంటే ఆ రెండు ముక్కలూ రాయండి: “అక్కది చామనఛాయ, మేకప్‌తో ఇక్కడ కాస్త తెల్లగా కనిపిస్తోంది.”

లావూ సన్నం, వయసు, ఒంటిమీద మచ్చలు, ఊతకర్ర, వినికిడి మిషన్ అన్నిటికీ ఇదే పద్ధతి. కనిపించేది మామూలు మాటల్లో చెప్పడమే. “ముసలాయన” కంటే “జుట్టంతా నెరిసింది, కాస్త వంగి నిల్చున్నారు” అన్నది నిజానికి దగ్గర. “చక్రాల కుర్చీకే పరిమితమైన” అనకుండా “చక్రాల కుర్చీలో కూర్చున్నారు” అనండి. బొట్టు, టోపీ, గడ్డం చూసి ఫలానా మతం, ఫలానా కులం అని రాయకండి. ఆ బొట్టు నిలువుదా అడ్డమా, ఎరుపా విభూతా అని రాయండి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మీరు రాసింది స్నేహితురాలు ఒంటరిగా కళ్లతో చదువుకోదు, ఫోన్ పైకి చదువుతుంది. ఇయర్‌ఫోన్ లేకపోతే బస్సులో పక్క సీటువాళ్లూ, హాస్టల్ గదిలో మిగతావాళ్లూ వింటారు. అందుకని ఒక పరీక్ష పెట్టుకోండి. అక్క పక్కన కూర్చుని ఉండగా ఈ వాక్యం పైకి చదవగలరా? చదవలేకపోతే మాట మార్చండి. అక్క మెడ మీద కాలిన మచ్చ లాంటిది ఏదైనా ఉండి, రాయాలో వద్దో తేలకపోతే అక్కనే అడగండి. ఆ ఒంటిమీద హక్కు ఆవిడది.

కుడి ఎడమల దగ్గర అందరూ తడబడతారు. ఫోటోలో మీకు ఎడమ పక్కన కనిపించే భుజం, కెమెరా వైపు తిరిగి కూర్చున్న అక్కకి కుడి భుజం. ఒంటిమీద ఉన్నవాటిని ఆ మనిషి వైపునుంచి చెప్పండి: “అక్క ఎడమ భుజం మీద పైట.” మనుషులు నిల్చున్న చోట్లని చూసేవాళ్ల వైపునుంచి చెప్పండి: “చూసేవాళ్లకి ఎడమ నుంచి మొదట మావయ్య.” ఈ రెండింటినీ కలిపేయకండి. ఇంకో తిరకాసు సెల్ఫీలతో వస్తుంది. ముందు కెమెరాతో తీసినప్పుడు కొన్ని ఫోన్లు ఫోటోని అద్దంలో బొమ్మలా తిరగేసి దాస్తాయి. చీర కట్టిన ఫోటోలో దీన్ని పట్టుకోవడం తేలిక. మనవైపు కట్టులో పైట ఎడమ భుజం మీదికి వస్తుంది. ఫోటోలో అది కుడి భుజం మీద కనిపిస్తే, గుజరాతీ కట్టు కాకపోతే, ఫోటో తిరగబడిందన్నమాటే. వెనకాల బోర్డు మీద అక్షరాలు కూడా తిరగబడి ఉంటాయి. అలాంటప్పుడు కుడి ఎడమలు వదిలేసి “పైట ఉన్న భుజం మీద చెయ్యి వేసి” అంటే సరిపోతుంది.

ఆడా మగా అని విడిగా రాయాల్సిన పని తెలుగులో దాదాపు ఉండదు, క్రియే చెప్పేస్తుంది. “నవ్వుతోంది”, “నవ్వుతున్నాడు”, “నవ్వుతున్నారు” అన్నవాటిలో గౌరవం కూడా తెలిసిపోతుంది. మీ ఇంట్లో బావని “ఆయన” అంటే వర్ణనలోనూ అదే ఉంచండి. వర్ణన కదా అని ఉన్నట్టుండి “అతడు”, “ఆమె” అన్న పుస్తకాల భాషలోకి వెళ్తే మీ గొంతు పోతుంది. ఫోటోలో తెలియనివాళ్లుంటే, వాళ్లు ఆడో మగో మీకు తేలకపోతే, “ఒకరు నిలబడి చూస్తున్నారు” అనండి. హిజ్రా స్నేహితులు, ట్రాన్స్ స్నేహితులు ఉంటే వాళ్లు తమని ఎలా చెప్పుకుంటారో అలాగే రాయండి.

ఇప్పుడు ఇవన్నీ కలిపి మీ ఫోటోకి రాద్దాం. రెండు మెసేజ్‌లుగా రాయడం మా సలహా. ఫోటో కింద క్యాప్షన్‌లో చిన్నది:

“అక్క, బావ పీటల మీద తలంబ్రాలు పోసుకుంటున్నారు. అక్క మోకాళ్ల మీద లేచి, దోసిట్లో బియ్యం మొత్తం బావ తలమీద వంపేస్తోంది. నోరు తెరిచి నవ్వుతోంది, కళ్లు సగం మూసుకుపోయాయి. బావ తల వంచి కళ్లు గట్టిగా మూసుకున్నారు. పెదాలు బిగబట్టినా నవ్వు ఆగట్లేదు.”

ఆ వెంటనే రెండో మెసేజ్:

“ఇద్దరూ మధుపర్కాల్లో ఉన్నారు. తెల్లబట్ట, బెత్తెడు ఎర్రంచు. నుదుట బాసికాలు. అక్కది చామనఛాయ, కోలముఖం, బుగ్గన చుక్క. మల్లెమొగ్గల పూలజడ భుజం మీదుగా ముందుకు జారింది. బావ నలుపు, గుండ్రటి ముఖం, పల్చటి గడ్డం. కూర్చున్నా అక్కకంటే జానెడు పొడుగు, అందుకే అక్క మోకాళ్ల మీద లేవాల్సొచ్చింది. పసుపు బియ్యం ఇద్దరి జుట్టులోనూ, బావ చెవి మడతలోనూ ఇరుక్కుంది. వెనకాల అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.”

మొదటిదానితోనే ఫోటో తెలిసిపోతుంది. తీరిక ఉంటే రెండోది వింటుంది, లేకపోతే దాటేసి వెళ్తుంది. ఎంత రాయాలన్న మీ ప్రశ్నకి ఇదే జవాబు. ముఖ్యమైన ఫోటోకి ఈ మాత్రం, అదే పెళ్లిలో తీసిన మిగతావాటికి ఒకటి రెండు వాక్యాలు చాలు. అక్క చీర, జడ ఒకసారి చెప్పేశాక ప్రతి ఫోటోకీ మళ్లీ చెప్పకండి, మారిందేదో అదే చెప్పండి. పదిహేనుమంది నిల్చున్న గ్రూపు ఫోటో అయితే ముందు ఎంతమంది, ఎన్ని వరసలు అని చెప్పి, మీ స్నేహితురాలికి తెలిసినవాళ్లు ఎక్కడున్నారో చెప్పండి. మిగతావాళ్లని “పెదనాన్నగారి వాళ్లందరూ” అని ఒక్క మాటలో కలిపేయొచ్చు.

ఇరవై ఫోటోలు ఒక్కసారి ఎంచుకుని పంపి, కింద ఒక్క వర్ణన పెడితే ఏ మాట ఏ ఫోటోదో తెలియదు. ఒక్కొక్కటీ దాని క్యాప్షన్‌తో విడిగా పంపండి. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే ఫోటో పెట్టేటప్పుడే టాక్‌బ్యాక్ చదివి వినిపించే ఆల్ట్ టెక్స్ట్ అన్న గడి ఉంటుంది, చిన్న వర్ణన అందులో రాసి, పెద్దది పోస్టులోనే అందరికీ కనిపించేలా పెట్టండి. పెళ్లికి సొంత వెబ్‌సైటు ఏదైనా చేస్తుంటే, చేసేవాళ్లకి ఈ వరస ఇవ్వండి:

```html
<img src="talambralu.jpg" lang="te"
     alt="అక్క దోసిట్లో బియ్యం బావ తలమీద వంపేస్తోంది.">
```

అందులో `lang="te"` ఉంటే, తెలుగు గొంతు ఉన్న, టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ ఆ మాటల్ని తెలుగులో చదవాలని తెలుసుకుంటుంది.

రాసేది తెలుగు లిపిలోనే రాయండి. `akka pelli lo talambralu` అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కళ్లతో చదివేవాళ్లు సర్దుకుంటారు. ఫోన్ గొంతు మాత్రం దాన్ని ఇంగ్లీషు మాటలా పలకడానికి చూస్తుంది. “పెళ్లి” కాస్తా “పెల్లి” అవుతుంది, “తలంబ్రాలు” గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది. మీ స్నేహితురాలి ఫోన్లో తెలుగు గొంతు పెట్టుకుందో లేదో మాత్రం ఒకసారి అడగండి. వాక్యాలు చిన్నవిగా ఉంచి, చివర చుక్క పెట్టండి. ఆ చుక్క దగ్గరే గొంతు ఆగి ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. చుక్కలు లేకపోతే బావ గడ్డం, అక్క జడ కలిసిపోతాయి. ఎమోజీ పెట్టాలనిపిస్తే ఆఖర్న ఒక్కటి. ప్రతిదాని పేరూ పైకి చదువుతుంది, చేతి గుర్తులకైతే మీరు ఎంచుకున్న చర్మం రంగుతో సహా. వర్ణన మధ్యలో నాలుగు గుండెలు పెడితే అక్క ముఖం మధ్యలో ఆగిపోయి ఆ పేర్లు వింటూ కూర్చోవాలి.

చెప్పడం తేలికని వాయిస్ మెసేజ్ పంపాలనిపించవచ్చు. స్నేహితుల మధ్య అదీ బాగానే ఉంటుంది, మీ నవ్వు కూడా వినిపిస్తుంది. కాకపోతే రాసినదాన్ని తనకి కావలసిన వేగంతో వినొచ్చు, రోజూ వాడేవాళ్లు చాలామంది మనకి అర్థం కానంత వేగంగా వింటారు. ఒక పదం అక్షరాలతో సహా చూసుకోవచ్చు, బ్రెయిలీ డిస్‌ప్లే ఉంటే వేళ్లతో చదువుకోవచ్చు, ఏడాది తర్వాత వెతికితే దొరుకుతుంది. వీలైతే రాసి పంపి, పైన వాయిస్ కూడా పంపండి.

పంపేముందు మీరూ ఒకసారి వినండి. మీది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి టాక్‌బ్యాక్‌కి వాల్యూమ్ బటన్ల షార్ట్‌కట్ పెట్టుకుని, ఆ తర్వాత టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. షార్ట్‌కట్ ముందే పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే టాక్‌బ్యాక్ ఆన్ కాగానే వేలి పద్ధతి మారిపోతుంది. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితేనే పని జరుగుతుంది, బయటికి రాలేక కంగారుపడతారు. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది. మీ వర్ణనని ముందు మీకే మీరు మెసేజ్‌గా పంపుకుని, ఫోటో వైపు చూడకుండా కళ్లు మూసుకుని వినండి. అక్షరదోషాలు చెవికి వెంటనే తగులుతాయి. “ఎవరి చెయ్యి?”, “ఎవరి తల?” అని మీకే సందేహం వచ్చి కళ్లు తెరవాలనిపించిన చోటు ఒకటో రెండో దొరుకుతుంది. ఆ వాక్యంలో “తన” ఉంటే తీసేసి “అక్క” అనో “బావ” అనో పెట్టి, మళ్లీ వినండి.